మార్కులు వేయకముందే పక్కన పెట్టేస్తే

ప్రశ్న: నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. మావారికి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయింది కాబట్టి అక్కడి కంపెనీలకు అప్లై చేస్తున్నాను. రాత్రి పదకొండింటికి సబ్మిట్ చేస్తే పావుగంటలో ‘మీ దరఖాస్తును ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం’ అని మెయిల్ వచ్చేస్తోంది. డబ్బు కట్టి రెజ్యూమె రాయించాను, ఒక వెబ్‌సైట్‌లో దానికి 88 స్కోరు వచ్చింది. అయినా అదే తంతు. నా నోటీస్ పీరియడ్ 90 రోజులు. మా తమ్ముడు డాలస్‌లో ఎంఎస్ పూర్తిచేసి, చదువయ్యాక కొన్నాళ్లు పనిచేయనిచ్చే ఓపీటీ మీద ఉన్నాడు, వాడిదీ ఇదే గోల. రెజ్యూమెలో ఇంకా ఏం మార్చాలి?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం:

రెజ్యూమె జోలికి వెళ్లకండి. దానికి ఇంకో రూపాయి కూడా ఖర్చుపెట్టకండి. రాత్రి పదకొండుంబావుకి ఏ హెచ్‌ఆర్ మనిషీ కూర్చుని మీ రెజ్యూమె చదవడు. ఫైల్ అప్‌లోడ్ చేశాక చివర్లో ఐదారు చిన్న ప్రశ్నలు వచ్చాయి కదా, ఏ ఊళ్లో ఉంటారు, డిగ్రీ ఏమిటి, ఎన్ని రోజుల్లో చేరగలరు అని? విసుగ్గా టకటకా నొక్కేసే ఆ జవాబుల్లో ఒకటి ఆ మెయిల్‌ని పంపించింది.

నేను చాలా ఏళ్లు రిక్రూటింగ్‌లో ఉన్నాను, ఇలాంటి ఫారాలకు రూల్స్ పెట్టడం కూడా నా పనిలో భాగమే. మేం వాటిని నాకౌట్ ప్రశ్నలు అనేవాళ్లం. మీరు అడిగినట్టు బెంగళూరులో ఒక టెస్టింగ్ ఉద్యోగానికి రూల్ రాయాల్సి వస్తే, స్క్రీన్ మీద ఎన్ని బాక్సులున్నా సారాంశం ఇంతే ఉంటుంది:

```
degree IN ("BE", "BTech", "MCA")
AND location = "Bengaluru"
AND notice_days <= 30
```

ఇందులో చూడాల్సింది ఆ AND. మూడూ నిజమైతేనే మీరు లోపలికి వస్తారు. ఒక్కటి తప్పినా బయటే. స్కోరింగ్ అలా ఉండదు. అక్కడ ఒక స్కిల్ తక్కువైతే ఇంకో స్కిల్ దాన్ని పూడుస్తుంది, సెలీనియం బాగా వస్తే ఏపీఐ టెస్టింగ్ కాస్త తగ్గినా సర్దుకుంటుంది. నాకౌట్‌లో ఆ సర్దుబాటు లేదు. పోలీసు ఉద్యోగాల్లో ఎత్తు కొలిచినట్టన్నమాట: ఎత్తు చాలకపోతే పరుగులో మొదట వచ్చినా లెక్కలోకి రాదు.

లెక్క సులువుగా ఉండటానికి 400 దరఖాస్తులు వచ్చాయనుకుందాం. డిగ్రీ రూల్ దగ్గర 290 మిగిలారు. ఊరి రూల్ దగ్గర 180 అయ్యారు. ముప్పై రోజుల్లో చేరగలిగినవాళ్లు అంటే 45 మంది తేలారు. కంపెనీ సిస్టమ్ స్కోరు వేసినా, రిక్రూటర్ స్వయంగా చదివినా ఈ 45 మందివే. మిగతా 355 మందిలో మీకన్నా బాగా పని తెలిసినవాళ్లు ఉన్నారా లేదా అని ఎవరూ చూడరు. మీకు 88 ఇచ్చిన వెబ్‌సైట్ ఏం చేసిందంటే, మీ రెజ్యూమెలో ఉన్న మాటల్ని ఉద్యోగ ప్రకటనలో ఉన్న మాటలతో పోల్చింది. కంపెనీ లోపల రాసుకున్న ఆ మూడు లైన్లు దానికి కనిపించే అవకాశమే లేదు. ఆ 88 అబద్ధమని కాదు, కానీ అది 45 మందిలో ఉన్నవాళ్లకి పనికొచ్చే నంబరు.

ఇక మీ విషయంలో ఏ లైను అడ్డుపడుతోందో చూద్దాం. నా అనుమానం మొదట నోటీస్ పీరియడ్ మీద, తర్వాత డిగ్రీ మీద.

తొంభై రోజుల నోటీస్ మన ఐటీలో మామూలే, మరి దాన్ని ఎందుకు అంతగా తప్పించుకుంటారని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ పోస్టుకి క్లయింట్ బిల్లింగ్ వచ్చే నెల నుంచి మొదలవుతుంది, సీటు ఖాళీగా ఉంటే ప్రాజెక్ట్ మేనేజర్ మెడ మీద కత్తి. రెండోది పైకి చెప్పరు: తొంభై రోజులున్న మనిషి ఆ మూడు నెలల్లో మా ఆఫర్ చూపించి ఇంకో రెండు ఆఫర్లు తెచ్చుకుంటాడు, చేరే రోజు ఉదయం ఫోన్ ఎత్తడు. ఈ దెబ్బ ఒకసారి తిన్న రిక్రూటర్ తర్వాతి ఫారంలో ముప్పై అని పెట్టేస్తాడు. ఇది మీ తప్పు కాదు, కానీ దాని ఫలితం మీరూ అనుభవించాలి.

ఫారంలో ప్రశ్న ఎలా అడిగారన్నది జాగ్రత్తగా చదవండి. ‘మీ అధికారిక నోటీస్ పీరియడ్ ఎంత’ అని అడిగితే జవాబు 90, ఇంకో మాట లేదు. ‘ఎంత త్వరగా చేరగలరు’ అని అడిగితే అది వేరే ప్రశ్న. దానికి జవాబు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. ఆ లెటర్ తీసి నోటీస్ క్లాజ్ చదవండి. ‘తొంభై రోజుల నోటీస్ లేదా దానికి బదులు జీతం’ అని ఉంటే మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడే దారి మీకు ఉన్నట్టే. ‘కంపెనీ అంగీకరిస్తే’ అనో ‘మేనేజ్‌మెంట్ విచక్షణ మేరకు’ అనో ఉంటే, మీ మేనేజర్ ఒప్పుకుంటేనే. కట్టాల్సింది బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది కూడా అక్కడే చూసుకోండి, తేడా పెద్దది. మిగిలిపోయిన ఎర్న్‌డ్ లీవ్ నోటీస్‌లో సర్దుతారేమో మీ టీమ్‌లో ఇటీవల మానేసిన ఒకరిద్దరిని అడిగితే తెలుస్తుంది. ఇదంతా లెక్కేసుకుని 45 రోజుల్లో నిజంగా రాగలనని తేలితే ఆ రెండో ప్రశ్నకి 45 అని రాయడం అబద్ధం కాదు. కొన్ని కంపెనీలు బైఅవుట్ డబ్బు తామే ఇస్తాయి, కానీ అది ఆఫర్ దశలో మాట్లాడుకునే విషయం, ఫారంలో చోటుండదు.

అధికారిక నోటీస్ దగ్గర 30 అని కొట్టి లోపలికి వెళ్లిపోదామని మాత్రం అనుకోకండి. ఆఫర్ ఇచ్చేటప్పుడు రాజీనామాని మీ కంపెనీ అంగీకరించిన మెయిల్, అందులో లాస్ట్ వర్కింగ్ డే చూపించమంటారు. చేరేరోజు రిలీవింగ్ లెటర్ అడుగుతారు. ఎక్కడో ఒకచోట ఆ 90 బయటపడుతుంది, అప్పటికి మీరు ఇక్కడ రాజీనామా కూడా ఇచ్చేసి ఉంటారు.

ఇంకో పొరపాటు కూడా తరచూ కనిపించేది. అడిగింది రోజుల్లో అయితే కొందరు నెలల్లో 3 అని కొడతారు. సిస్టమ్‌కి అది మూడు రోజులు. లోపలికి వస్తారు, రిక్రూటర్ ఫోన్ చేస్తుంది, అసలు సంగతి తెలిసి చిరాకుపడి పెట్టేస్తుంది. ఇంకొందరు ‘90, నెగోషియబుల్’ అని రాస్తారు. ఆ బాక్స్ అంకెను మాత్రమే తీసుకునేదైతే రెండో మాటను ఎవరూ చదవరు.

నౌక్రీ లాంటి సైట్లలో ఈ రూల్ ఇంకో రకంగా పనిచేస్తుంది, అక్కడ మీకు తిరస్కరణ మెయిల్ కూడా రాదు. రిక్రూటర్ డేటాబేస్‌లో వెతికేటప్పుడు నోటీస్ పీరియడ్‌కి ఫిల్టర్ ఉంటుంది: పదిహేను రోజుల లోపు, ఒక నెల, రెండు, మూడు, ప్రస్తుతం నోటీస్‌లో ఉన్నవాళ్లు, ఇలాగ. రిక్రూటర్ మొదటి రెండూ, చివరిదీ టిక్ చేస్తే మీరు ఆ లిస్టులో కనపడరు. మిమ్మల్ని ఎవరూ తిరస్కరించలేదు, చూడనే లేదు. ఆ చివరి టిక్ కోసమే చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా ఇచ్చేసి, లాస్ట్ వర్కింగ్ డే ప్రొఫైల్‌లో పెట్టేవాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. దానితో కాల్స్ పెరుగుతాయి, నిజమే. కానీ ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేనివాళ్లకి నేను ఆ సలహా ఇవ్వను. రాజీనామా వెనక్కి తీసుకోవడం కంపెనీ దయ మీద ఆధారపడిన విషయం.

డిగ్రీ దగ్గరికి వద్దాం. ఇక్కడ మీరు చేయగలిగింది తక్కువ. డ్రాప్‌డౌన్‌లో బీఎస్సీ ఎంచుకుంటే, పైన రాసిన రూల్ ఉన్న కంపెనీలో మీ కథ అక్కడితో ముగిసినట్టే. ప్రకటనలో ‘బీటెక్ లేదా తత్సమానం’ అని ఉండొచ్చు, కానీ ఆ ‘తత్సమానం’ రూల్‌లోకి ఎక్కకపోవచ్చు. చాలాసార్లు జరిగేది ఏమిటంటే, రిక్రూటర్ పాత ఉద్యోగానికి పెట్టిన ఫారాన్ని కాపీ చేసి పేరు మారుస్తుంది, రూల్స్ అలాగే ఉండిపోతాయి. అసలు మనిషి కావాల్సిన టెస్టింగ్ మేనేజర్‌కి డిగ్రీ పట్టింపే ఉండకపోవచ్చు, తన ఉద్యోగానికి అలాంటి రూల్ ఉందని కూడా తెలియకపోవచ్చు. కాబట్టి మీరు వెతకాల్సినవి ‘ఎనీ గ్రాడ్యుయేట్’ అనో ‘15 ఏళ్ల ఫుల్‌టైమ్ చదువు’ అనో రాసిన ప్రకటనలు. పదో తరగతి వరకు పది, ఇంటర్ రెండు, బీఎస్సీ మూడు, మొత్తం పదిహేను. మీరు సరిపోతారు. 16 ఏళ్లు అని ఉంటే అది నాలుగేళ్ల బీటెక్‌ని దృష్టిలో పెట్టుకున్న రూల్. బీటెక్ అని నొక్కి చూద్దామనే ఆలోచన వస్తే మానుకోండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మొదట అడిగేదే డిగ్రీ సర్టిఫికెట్.

చదువు దగ్గరే ఇంకో రెండు గుంటలున్నాయి, మీవి కాకపోయినా ఇది చదివే మరొకరికి పనికొస్తాయి. పర్సంటేజ్ అడిగిన బాక్సులో సీజీపీఏ 7.2 అని కొడితే, కనీసం 60 ఉండాలన్న రూల్‌కి అది ఏడు శాతం మార్కులు. మీ యూనివర్సిటీ మెమోలోనో వెబ్‌సైట్‌లోనో ఇచ్చిన సూత్రంతో శాతంలోకి మార్చి రాయాలి. రెండోది పాలిటెక్నిక్ వాళ్ల బాధ. టెన్త్ తర్వాత మూడేళ్ల డిప్లొమా, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరితే వాళ్లకి ఇంటర్ మార్కులే ఉండవు. ‘12వ తరగతి శాతం’ బాక్స్ ఖాళీగా వదిలితే రూల్ దాన్ని సున్నాగా తీసుకోవచ్చు. డిప్లొమా ఎంచుకునే చోటు ఉందేమో వెతకాలి, లేకపోతే ఆ బాక్సులో డిప్లొమా శాతం రాసి, అది డిప్లొమా అని రెజ్యూమెలో స్పష్టంగా చెప్పాలి.

ఊరు సంగతి ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ‘ప్రస్తుతం ఎక్కడ ఉన్నారు’ అంటే హైదరాబాద్. ‘బెంగళూరు మారడానికి సిద్ధమా’ అన్నదాన్ని ఖాళీగా వదలకండి, చాలా ఫారాల్లో ఖాళీ అంటే కాదు అనే లెక్క. మావారి ట్రాన్స్‌ఫర్ వల్ల ఫలానా నెలలో అక్కడికి వస్తున్నానని కవర్ నోట్‌లో ఒక లైను రాయండి. రెజ్యూమె పైభాగంలో సొంతూరి శాశ్వత చిరునామా ఉంటే తీసేయండి. ఫైల్ అప్‌లోడ్ చేయగానే సిస్టమ్ అందులోంచి వివరాలు లాగి బాక్సులు తనే నింపేస్తుంది. అప్పుడు మీ ఊరు కూకట్‌పల్లి కాకుండా మీ పుట్టింటి మండలం అయి కూర్చుంటుంది. అలాగే రెండేళ్ల కింద అదే కంపెనీకి అప్లై చేసి ఉంటే, మీ పాత జవాబులే ఇప్పటికీ లాగిన్‌లో పడుండొచ్చు. ప్రొఫైల్ తెరిచి సరిచూసుకోండి.

ఇంతకీ మీ కేసులో అడ్డం నోటీసా, డిగ్రీయా? ఇది కనిపెట్టడం కష్టం కాదు. ఇకనుంచి సబ్మిట్ నొక్కేముందు ఆ ప్రశ్నల పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. డిగ్రీ అడిగి నోటీస్ అడగని కంపెనీలు, నోటీస్ అడిగి డిగ్రీ అడగనివి, రెండూ అడిగినవి అని మూడు వరుసలు చేసుకోండి. జవాబులు అన్నిచోట్లా ఒకేలా, నిజంగా ఇవ్వండి. నోటీస్ మాత్రమే అడిగినచోట నిమిషాల్లో మెయిల్ వస్తూ, డిగ్రీ మాత్రమే అడిగినచోట స్టేటస్ ‘పరిశీలనలో ఉంది’ అని మారితే సంగతి అర్థమైనట్టే. ఒకమాట: మెయిల్ ఆలస్యంగా వచ్చిందంటే మనిషి చదివాడని కాదు. అభ్యర్థి మనసు కష్టపెట్టుకుంటాడని తిరస్కరణను ఒకటి రెండు రోజులు ఆపి పంపే సెట్టింగ్ కొన్ని సిస్టమ్స్‌లో ఉంటుంది. వెంటనే వస్తే నాకౌట్ అనుకోవచ్చు, లేటుగా వస్తే ఏదీ చెప్పలేం.

తిరస్కరించిన దరఖాస్తు చెత్తబుట్టలోకి పోదన్నది చాలామందికి తెలియదు. అది ఆ ఉద్యోగం కిందే వేరే వరుసలో ఉంటుంది, రిక్రూటర్ చేత్తో వెనక్కి తీసుకురాగలదు. అందుకే రిఫరల్ పనిచేస్తుంది, కానీ సరైన రిఫరల్ అయితేనే. లింక్ పంపించి ‘దీన్లోంచి అప్లై చెయ్యి’ అనే రిఫరల్‌లో కూడా అవే ప్రశ్నలు వస్తాయి, అదే రూల్ తగులుతుంది. బెంగళూరులో ఉన్న మీ పాత కొలీగ్ ఎవరైనా నేరుగా ఆ టెస్టింగ్ మేనేజర్‌కి ‘ఈమెది బీఎస్సీ, నోటీస్ తొంభై, బైఅవుట్‌తో నలభై ఐదు రోజుల్లో వస్తుంది, పని చూశాను’ అని రాస్తే ఫలితం ఉంటుంది. అడ్డొచ్చే రెండు విషయాలూ మొదటి లైన్‌లోనే ఉండాలి. మేనేజర్ అడిగితే రిక్రూటర్ ఒక బటన్‌తో మిమ్మల్ని లోపలికి తెస్తుంది. డిగ్రీ అనేది క్లయింట్ కాంట్రాక్ట్‌లోనే రాసి ఉంటే మాత్రం మేనేజర్ చేతిలో కూడా ఏమీ ఉండదు, ఆ కంపెనీని వదిలేయండి.

మీ తమ్ముడిది వేరే రూల్. అమెరికాలో దాదాపు ప్రతి ఫారంలోనూ రెండు ప్రశ్నలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి, ఈ దేశంలో పనిచేయడానికి మీకు చట్టపరమైన అనుమతి ఉందా? రెండు, ఇప్పుడు గానీ భవిష్యత్తులో గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా? ఓపీటీ మీద ఈఏడీ అనే వర్క్ పర్మిట్ కార్డు చేతికొచ్చి, దానిమీద తేదీ మొదలైన కుర్రాడికి మొదటిదానికి అవును. రెండోదానికి కూడా అవునే, ఎందుకంటే ఓపీటీ 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు, ఆ తర్వాత అక్కడే ఉండాలంటే హెచ్-1బీ కావాలి. ‘భవిష్యత్తులో’ అన్న మాట అక్కడ పెట్టిందే అందుకు. కొందరు పిల్లలు భయపడి మొదటిదానికి కూడా కాదు అని కొడతారు. అప్పుడు స్పాన్సర్ చేసే కంపెనీలో కూడా మొదటి గేటు దగ్గరే ఆగిపోతారు. వాడు ఏం కొడుతున్నాడో ముందు అడగండి.

స్పాన్సర్ చేయలేమని చెప్పి తిరస్కరించడం అక్కడ చట్టప్రకారం చెల్లుతుంది, కాబట్టి దానిమీద వాదించి లాభం లేదు. రెండో ప్రశ్నకి కాదు అని కొట్టమనీ, గ్రీన్‌కార్డ్ అనో సిటిజన్ అనో రాయమనీ చెప్పే కన్సల్టెన్సీలు ఉంటాయి. ఉద్యోగంలో చేరిన మూడు పని దినాల్లోపు పని అనుమతి రుజువు చేసే ఐ-9 ఫారంకి పత్రాలు చూపించాలి, అక్కడే దొరికిపోతాడు. పైగా సిటిజన్ని కాకుండానే సిటిజన్ని అని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో మామూలు తప్పు కాదు, ఇకముందు వీసాకీ గ్రీన్‌కార్డ్‌కీ శాశ్వతంగా అడ్డుపడే విషయం.

వాడి టైమ్ ఎక్కడ పెట్టాలంటే, స్పాన్సర్ చేసిన చరిత్ర ఉన్న కంపెనీల మీద. యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ‘హెచ్-1బీ ఎంప్లాయర్ డేటా హబ్’ అని ఉంది. కంపెనీ పేరు కొడితే ఏ ఏడాది ఎన్ని పిటిషన్లు ఆమోదం పొందాయో ఉచితంగా చూపిస్తుంది. నాలుగైదేళ్లుగా సున్నా ఉన్న కంపెనీకి అప్లై చేయడం అంటే ఆ రెండో ప్రశ్న దగ్గర ఆగడానికి వెళ్లడమే. యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా నడిచే లాభాపేక్షలేని సంస్థలు హెచ్-1బీలకు ఏటా ఉండే 65,000 ప్లస్ 20,000 పరిమితి కిందికి రావు, లాటరీ గొడవ లేదు. అక్కడ జీతం తక్కువని మన పిల్లలు వాటివైపు చూడరు. స్టెమ్ పొడిగింపు వాడుకోవాలంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ సిస్టమ్ ఈ-వెరిఫైలో కంపెనీ నమోదై ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టాలి. చిన్న కంపెనీలు చాలా ఈ-వెరిఫైలో ఉండవు. ఈ సంగతి ఏ ఫారంలోనూ అడగరు కాబట్టి, మొదటి ఫోన్ కాల్‌లో రిక్రూటర్‌ని వాడే అడిగేయాలి. ఐదో రౌండ్ అయ్యాక తెలిస్తే పోయేది వాడి ఓపీటీ రోజులే. ఉద్యోగం లేకుండా మొదటి 12 నెలల్లో గడపగలిగేది మొత్తం 90 రోజులు, ఆ లెక్క ఈఏడీ మీదున్న తేదీ నుంచే మొదలై ఉంటుంది.